స్వెటరు మీద రాసిన 38

మొన్న చలి బాగా ఉన్న రోజుల్లో మా అపార్ట్‌మెంట్ కింద ఇస్త్రీ బండి దగ్గర నిలబడ్డాను. ఎవరిదో నల్ల కోటు మీద తడిగుడ్డ పరిచి, దాని మీద బొగ్గుల పెట్టె ఆనించాడు ఆ అబ్బాయి. సుయ్‌మని ఆవిరి లేచింది. తడిసిన ఉన్నికి వేడి తగిలినప్పుడు ఒక వాసన వస్తుంది. కొంచెం గొర్రె వాసన, కొంచెం కాలిన వెంట్రుక వాసన, వాటి వెనకాల బొగ్గు. బాగుందని చెప్పలేను కానీ నా ముక్కుకు అది చిన్నప్పటి చుట్టం. ఇస్త్రీ అబ్బాయి "ఏం కావాలె అంకుల్" అని రెండుసార్లు అడిగాడట. నేను వినలేదు. నేను అప్పటికే ఆదిలాబాద్‌లో, ఉస్తాద్ దుకాణంలో, గొంగడి పరిచిన బల్ల ముందు ఉన్నాను.

*

పదో తరగతి తప్పాను. లెక్కల్లోనే. మా నాయన పత్తి మార్కెట్‌లో హమాలీ. "ఇంట్ల కూసుంటే ఏం వస్తది, చేతిల ఏదన్న పని ఉండాలె" అని తీసుకెళ్లి ఉస్తాద్‌కు అప్పజెప్పాడు. ఊళ్లో కోటు కుట్టించుకోవాలంటే ఆ దుకాణమే. పది అడుగుల గది, రెండు కుట్టు మిషన్లు, ఒక కటింగ్ బల్ల. గోడకు మేకుల నిండా అట్టతో కోసిన కాలర్లు, చేతుల పట్టీలు వేలాడుతుండేవి. ఉస్తాద్ నాందేడ్ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. మరాఠీ, ఉర్దూ, తెలుగు మూడూ ఒకే వాక్యంలో మాట్లాడేవాడు. కొలతను 'నాపు' అనేవాడు, వదులును 'ఢీలా' అనేవాడు. మేమూ అలాగే అనేవాళ్లం.

పొద్దున్నే నా మొదటి పని ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు రాజేయడం. విసనకర్రతో విసురుతుంటే బూడిద ముక్కులోకి పోయేది. తర్వాత మిషన్లకు నూనె. తర్వాత దుకాణం ఊడ్చి, కిందపడ్డ సూదుల్ని అయస్కాంతంతో ఏరడం. ఏడాది పాటు నాకు కత్తెర ఇవ్వలేదు, టేపు ఇవ్వలేదు. కాజాలు తీయడం, గుండీలు కుట్టడం, ప్యాంటు కింది మడత చేత్తో కుట్టడం, ఇంతే. ఉస్తాద్ మిషన్ తొక్కుతుంటే తోలు బెల్టు ఒక చోట అతుకు మీదుగా పోయినప్పుడల్లా 'టక్' అనేది. ఆ టక్కుల లెక్కను బట్టి ఆయన పొడుగు కుట్టు వేస్తున్నాడా, మూల తిప్పుతున్నాడా అని బల్ల కింద కూర్చున్న నాకు తెలిసిపోయేది.

టేపు ఎప్పుడూ ఆయన మెడలో ఉండేది. ఇంటికి పోయేటప్పుడు కూడా. ఒకసారి పెళ్లి విందులో, కొత్త అంగీ మీద, మెడలో టేపుతోనే కనిపించాడు. ఆయనకూ తెలియలేదు, తెలిశాక కూడా తీయలేదు.

*

ఆదిలాబాద్ చలి గురించి తెలియని వాళ్లకు ఒక మాట. డిసెంబరులో పొద్దున పూట ఐదారు డిగ్రీలకు పడిపోయే ఊరది. తొమ్మిదింటిదాకా వీధుల్లో చలిమంటలు, మంటల చుట్టూ మఫ్లర్లు. బడికి పోయే పిల్లల నుంచి మార్కెట్‌లో పత్తి బండ్ల వాళ్ల దాకా అందరూ ఒకటి మీద ఒకటి వేసుకునేవాళ్లు. చలికాలమే పెళ్లి బట్టలకు కూడా సీజను, మాఘంలో ముహూర్తాలు ఉంటాయి కదా. అంటే కొలతలు ఇచ్చేవాళ్లు ఎక్కువగా వచ్చేది, ఒళ్లంతా కప్పుకుని తిరిగే రోజుల్లోనే.

అలాంటి ఒక రోజు ఉస్తాద్ దగ్గరి బంధువు చనిపోయాడని కబురు వస్తే నాందేడ్ బయల్దేరాడు. పోతూ పోతూ మెడలో టేపు తీసి నా చేతిలో పెట్టాడు. "గిరాకీని వాపస్ పంపకు. నాపు రాసిపెట్టు. నేనొచ్చి కోస్త." అప్పటికి నేను చొక్కాలకు, ప్యాంట్లకు కొలతలు తీయడం నేర్చుకున్నాను. కోటుకు ఎప్పుడూ తీయలేదు, ఆయన తీస్తుంటే పుస్తకంలో రాసేవాణ్ని.

మర్నాడు పొద్దున్నే వచ్చింది ఎవరనుకున్నారు? మా లెక్కల సారు. నన్ను తప్పించిన పేపరు ఆయన దిద్దింది కాదులెండి, అయినా ఆయన్ని చూస్తే నాకు గుండె దడ. కొత్తగా సంబంధం కుదిరింది. అత్తగారి వాళ్లు ముదురు నీలం సూటు గుడ్డ పెట్టారు, మూడుంబావు మీటర్లు. గుడ్డ పట్టుకుంటేనే తెలుస్తోంది, ఖరీదైన ఉన్ని. సారు ఒంటి మీద చొక్కా, దాని మీద చేతుల్లేని స్వెటరు, దాని మీద వాళ్లమ్మ అల్లిన పొడుగు చేతుల స్వెటరు, మెడకు మఫ్లరు. మఫ్లరు తీశాడు. స్వెటర్లు తీయమని అడగడానికి నాకు నోరు రాలేదు. సారు కదా. పైగా బయట చలి కోస్తోంది, దుకాణానికి తలుపుల బదులు గోనె పరదా.

ఛాతీ చుట్టూ టేపు వేశాను. 38¼ వచ్చింది.

"సార్, స్వెటరు ఉంది కదా మరి..." అని నసిగాను.

సారు స్వెటరు అంచు రెండు వేళ్ల మధ్య పట్టుకుని నొక్కి చూశాడు. "పావు అంగుళం ఉంటది మందం. పావు తగ్గించి రాస్కో" అన్నాడు.

లెక్కల సారే చెప్పాక ఇంక అనుమానం ఎందుకు? 38 అని రాశాను. భుజాలు 17¾. పొడవు, చేతులు రాశాను. ప్యాంటు కొలతలకు మాత్రం ఆయనే స్వెటర్లు పైకి ఎత్తి పట్టుకున్నాడు, లేకపోతే నడుము కనబడదు కాబట్టి. ఆ చిన్న విషయం తర్వాత చాలా పనికొచ్చింది.

*

ఉస్తాద్ మూడో రోజు వచ్చాడు. పుస్తకం చూసి, గుడ్డను ముందురోజు రాత్రంతా తడిబట్టలో చుట్టి ఉంచి, ఇస్త్రీ చేసి, సుద్దతో గీసి కోశాడు. మామూలుగా మనిషిని కంటితో ఒకసారి చూడనిదే కోసేవాడు కాదు. ఆ వారం పెళ్లిళ్ల పని నెత్తి మీద ఉంది. నా అంకెల్ని నమ్మాడు.

ఇక్కడ కోటు ఎలా కోస్తారో కొంచెం చెప్పాలి, లేకపోతే రెండు అంగుళాల తప్పు ఎంత దూరం పోతుందో అర్థం కాదు. టైలరు ఒంటి మీద ప్రతి చోటా టేపు పెట్టడు. కొన్ని కొలతలే తీస్తాడు, మిగతావి వాటి నుంచి లెక్క కడతాడు. మా దుకాణంలో పెద్ద కొలత ఛాతీ. చంక లోతుకు ఛాతీలో నాలుగో వంతు. మెడ వెడల్పుకు పన్నెండో వంతు. ఛాతీ 36 అయితే చంక 9 అంగుళాల లోతున పడుతుంది, 38 అయితే 9½ దగ్గర పడుతుంది. అంటే చుట్టుకొలత ఒక్కటి తప్పితే కోటు వెడల్పు ఒక్కటే తప్పదు, చేతి గుంట కూడా కిందికి జారుతుంది. వీటన్నిటి మీద టైలరు తన తరఫున కలిపే ఢీలా ఉంటుంది. మా ఉస్తాద్ కోటుకు ఛాతీ మీద 4 అంగుళాలు కలిపేవాడు. ఒంట్లో గాలి పోవాలి, చేతులు ముందుకు చాచాలి, గుండీ పెట్టుకుని కూర్చోవాలి. ఆ నాలుగు అంగుళాలు లెక్క ప్రకారం ఇచ్చేవి. స్వెటరు తెచ్చిపెట్టిన రెండు అంగుళాలు వాటి మీద ఎక్కి కూర్చుంటాయి.

కచ్చా కుట్టు వేసి, జేబులు కోయకుండా, చేతులు టాకాలతో తగిలించి ట్రయల్‌కు రెడీ చేశాం.

సారు మధ్యాహ్నం ఎండలో వచ్చాడు, ఒట్టి చొక్కాతో. కోటు తొడిగాడు.

నాకు చూడగానే కడుపులో తిప్పింది. భుజం అంచులు ఎముక దాటి బయటికి, గుడిసె చూరు లాగా దిగి ఉన్నాయి. చంక ముందు భాగంలో గుడ్డ నిలువుగా మడత పడి కిందికి జారింది. ఉస్తాద్ ఏమీ అనలేదు. "సార్, చెయ్యి పైకి లేపుండ్రి" అన్నాడు. బోర్డు మీద రాస్తున్నట్టు సారు కుడిచెయ్యి లేపాడు. చెయ్యితో పాటు కోటు మొత్తం పైకి లేచింది, కాలర్ చెవి దాకా వచ్చింది. చాలామంది అనుకుంటారు చంక ఎంత లోతుగా ఉంటే చెయ్యి అంత హాయిగా ఆడుతుందని. నేనూ అదే అనుకునేవాణ్ని. నిజానికి గుంట చంకకు దగ్గరగా ఉంటేనే చెయ్యి ఒక్కటీ లేస్తుంది. కిందికి జారితే చెయ్యి పక్కల్ని కూడా లాక్కుని లేస్తుంది.

ఉస్తాద్ చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక నిలబడి మెడ ఎముక నుంచి కింది అంచు దాకా టేపు పెట్టాడు. పొడవు సరిగ్గా ఉంది. ప్యాంటు వేసి చూపించమన్నాడు. నడుము సరిగ్గా ఉంది.

నా వైపు చూసి మెల్లిగా అడిగాడు: "ఆ రోజు సారు ఒంటి మీద ఏముండె?"

ఎలా తెలిసిందని సాయంత్రం అడిగితే చెప్పాడు. "పుస్తకంల వేరేటోని నాపు ఎక్కిస్తే పొడుగు గూడ తప్పుతది. నీ చేతిల టేపు వంకర పోతే ఒక్క తాననే తప్పుతది. పొడుగు సరిగ్గ ఉండి, చుట్టు అంత పెరిగిందంటే, మనిషి మీద ఏదో ఉండె. నడుము మంచిగుందంటే, ఆడ లేకుండె."

*

ఆ సాయంత్రమే గొంగడి పాఠం.

ఉస్తాద్ ఇస్త్రీ బల్ల మీద పరిచే గొంగడి పాతబడితే పక్కన పడేసి ఉండేది. దాని అంచు నుంచి బెత్తెడు వెడల్పు పొడుగాటి పట్టీ కోశాడు. పావు అంగుళం మందం, సారు వాళ్లమ్మ అల్లిన స్వెటరు ఎంతో అంత. నీళ్ల ఇత్తడి బిందె బల్ల మీదికి తెమ్మన్నాడు. "నాపు తియ్." బిందె పొట్ట చుట్టూ 40 వచ్చింది. పట్టీని దాని చుట్టూ చుట్టి, అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా ఎదురెదురుగా కలిసే చోట కోశాడు. "ఇప్పుడు తియ్." 41½.

"పావు అంగుళం మందానికి ఎంత పెరిగింది?"

"ఒకటిన్నర, ఉస్తాద్."

"ఎందుకట్ల?"

బిందె పెద్దది కదా, అందుకే అన్నాను. ఆయన నవ్వి, చాయ్ తాగిన స్టీలు గ్లాసు కడిగి తెమ్మన్నాడు. గ్లాసు చుట్టు 9. "దీనికి ఎంత పెరుగుతది?" పావు అంగుళం, మహా అయితే అర అన్నాను. అదే పట్టీని గ్లాసుకు సరిపడా కోసి చుట్టాడు. టేపు వేశాను. చూసి మళ్లీ వేశాను.

10½.

బిందెకు ఒకటిన్నర, గ్లాసుకు ఒకటిన్నర. నా బుర్ర పనిచేయలేదు. పహిల్వాన్ అయినా బక్కోడైనా అదే స్వెటరు అంతే పెంచుతుందన్నమాట. ఉస్తాద్‌కు దీనికి సూత్రం తెలియదు. ఆయన దగ్గర ఉన్నది ఒక అలవాటు లెక్క: "చుట్టుకు మందం ఆరింతలు, జెర్ర పైన. అడ్డానికి రెండింతలు. పొడుగుకు ఏం లే."

అడ్డం అంటే భుజాల కొలత. కుడి భుజం అంచున ఒక మందం, ఎడమ అంచున ఒక మందం, రెండే. సారు ఒంటి మీద రెండు స్వెటర్లు కలిసి అంగుళంలో మూడు ఎనిమిదో వంతులు. రెండు వైపులా కలిపితే ముప్పావు. నేను రాసింది 17¾, సారు అసలు భుజాలు 17. ఛాతీ అసలు 36. మూడు ఎనిమిదో వంతులకు ఆరింతలు వేసుకోండి, రెండుంబావు వస్తుంది. నా టేపులో వచ్చిన 38¼ అక్కడిదే. సారు తగ్గించమన్న పావు, స్వెటరు ఒకే చోట ఉందనుకున్న లెక్క. టేపు ఛాతీ చుట్టూ తిరిగేటప్పుడు స్వెటరు ముందుంది, వెనకుంది, రెండు పక్కలా ఉంది. టేపు ఒంటి మీది దారి వదిలేసి, అన్ని వైపులా కొంచెం బయటికి జరిగిన పెద్ద దారిలో పోతుంది.

మరి ఆరింతలు తీసేసి రాసుకుంటే సరిపోదా? నేను అదే అడిగాను. తెలివైన ప్రశ్న వేశానని పొంగిపోయాను కూడా.

మర్నాడు సారు మళ్లీ వచ్చినప్పుడు ఆ స్వెటర్లు తెమ్మన్నాడు ఉస్తాద్. అవి వేసుకున్నాక నాతో వరుసగా మూడుసార్లు ఛాతీ కొలిపించాడు. 38¼, 37¾, 38½. కొంచెం గట్టిగా లాగితే ఉన్ని నలిగి తగ్గుతుంది, మెల్లిగా పడితే ఉబ్బి పెరుగుతుంది. చంకల కింద రెండు స్వెటర్ల మడతలు ఇరుక్కుని ఒక్కోసారి ఒక్కో రకంగా కూర్చుంటాయి. ఆ ఇరుకుకు మనిషి చేతులు కూడా ఒంటికి ఆనకుండా కొంచెం ఎడంగా పెట్టుకుంటాడు, అప్పుడు వీపు కొలత మారుతుంది. తర్వాత స్వెటర్లు విప్పించి చొక్కా మీద మూడుసార్లు కొలిపించాడు. 36, 36, 36.

"ఏ మూడింట్ల నుంచి తీసేస్తవ్ రా నీ ఆరింతలు?" అన్నాడు ఉస్తాద్.

సారు వింటున్నాడు. కాసేపటికి జేబులోంచి పెన్ను తీసి మా బట్టల బిల్లు వెనకాల ఏదో గీశాడు. ఒక గుండ్రం, దాని చుట్టూ ఇంకో గుండ్రం. 22/7 అని రాశాడు. "వ్యాసార్థం పావు పెరిగితే చుట్టుకొలత రెండు పైలు ఇంటూ పావు పెరుగుతది. అసలు వ్యాసార్థం ఎంతన్నది లెక్కలోకే రాదు. ఏడాదికి రెండు సెక్షన్లకు చెప్తా నేనిది," అని తనలో తనే గొణుక్కున్నట్టు అన్నాడు. తర్వాత గట్టిగా నవ్వేశాడు. "పావు తగ్గించమన్నది నేనే ఉస్తాద్, పోరన్ని ఏమనకు." ఆ బిల్లు కాగితం నేను చాలా రోజులు దాచుకున్నాను. రెండు పైలు అంటే ఆరుంబావు కన్నా పిసరు ఎక్కువ, ఉస్తాద్ చెప్పిన 'ఆరింతలు, జెర్ర పైన' అదేనని అర్థమయ్యాక, లెక్కల పరీక్ష మళ్లీ రాద్దామా అనిపించింది. రాయలేదనుకోండి.

*

కోటు బాగు చేయడానికి నాలుగు రాత్రులు పట్టింది. విప్పడం అంతా నాతోనే విప్పించాడు. కచ్చా కుట్లే కాబట్టి గుడ్డ పాడవలేదు, కానీ ముదురు నీలం గుడ్డ మీద లాంతరు వెలుగులో ముదురు నీలం దారం వెతకడం ఎంత కష్టమో చేసినవాడికే తెలుసు.

పక్క కుట్ల దగ్గర లోపలికి లాగడం తేలికే. కుడి పక్క ఒక అంగుళం, ఎడమ పక్క ఒక అంగుళం. కష్టమంతా చంక దగ్గర. లోతుగా కోసేసిన గుంటను పైకి తేవడానికి అక్కడ గుడ్డ లేదు. ఉస్తాద్ భుజం కుట్టు విప్పి, ముందు ముక్కనూ వెనక ముక్కనూ భుజం దగ్గరే అర అంగుళం పైకి ఎత్తాడు. అంటే కోటు మొత్తాన్ని భుజాల మీద అర అంగుళం పైకి లాగి తగిలించినట్టు. చంక దానంతటదే పైకి వచ్చింది. మెడ మళ్లీ కోయాలి, కోశాడు. భుజం కొసల్లో ఎక్కువున్నది కోశాడు. కోటు పొడవు అర అంగుళం తగ్గింది, దానికి కింది మడతలో రెండు అంగుళాల గుడ్డ ఎప్పుడూ ఉంచేవాడు కాబట్టి అందులోంచి అర అంగుళం విడిచాడు. జేబులు కోయలేదు కనుక బతికిపోయాం. ట్రయల్ ముందు జేబులు కోసే టైలర్లను ఆయన తిట్టే తిట్లు ఇక్కడ రాయలేను.

పక్కల్లో లోపలికి లాగిన గుడ్డను కత్తిరించబోతే నా చేతి మీద ఒక్కటి వేశాడు. ఆ మొత్తం వ్యవహారంలో నాకు పడిన దెబ్బ అదొక్కటే. "ఉండనీ. లోపల మడిచి కుట్టు."

*

తర్వాత నుంచి కొలతలు తీసే పద్ధతి నాతో వల్లె వేయించాడు. పైది ఏదున్నా విప్పించాలి, పల్చటి చొక్కా మీదే తీయాలి. జేబులో పర్సు, బీడీల కట్ట, తాళాల గుత్తి తీయించాలి. ప్యాంటుకు సీటు కొలిచేటప్పుడు వెనక జేబు పర్సు ఒక్కటే ముప్పావు అంగుళం మింగేస్తుంది. పంచె కట్టుకొచ్చిన పెద్దమనిషికి నడుము దగ్గర కుచ్చిళ్లు ఉంటాయి, వాటి మీద టేపు వేస్తే అది పంచె నడుము అవుతుంది కానీ మనిషి నడుము కాదు. మొహమాటం ఉన్నవాళ్లకు లోపల గదిలో దుప్పటి పరదా కట్టించాడు. ఆ పరదా ఖర్చు నా జీతంలోంచి తీశాడని మా అమ్మ చాలా రోజులు సాధించింది.

కోటు లోపల స్వెటరు వేసుకుంటాననే ముసలివాళ్లు వచ్చేవారు, ఆ ఊళ్లో అది న్యాయమే. వాళ్లకు కూడా చొక్కా మీదే కొలిచేవాడు. తర్వాత కోసేటప్పుడు ఛాతీకి, చేతి లావుకు తన లెక్కలో ఎక్కువ ఢీలా కలిపేవాడు, భుజానికి పిసరంతే, మెడకు అసలు కలిపేవాడు కాదు. స్వెటరుకు చోటు టైలరు ఇవ్వాలి, టేపు ఇవ్వకూడదు అనేవాడు. ఎక్కడ ఎంత ఇచ్చామో మనకు తెలిసి ఉంటుంది కదా.

ఆడవాళ్ల బట్టలకు ఈ గొడవ లేదు. ఆది జాకెట్టు తెచ్చేవారు, బల్ల మీద పరిచి కొలవడమే. పరిచిన గుడ్డకు లోపల మందం ఉండదు. దాంట్లో వేరే ఉచ్చు ఉంది, ఆదిలో ఢీలా ముందే కలిసి ఉంటుంది. మళ్లీ కలిపితే సంచీ అవుతుంది. అది కూడా నేను ఒకసారి చేశాను. ఆ కథ వద్దు, ఆవిడ ఇంకా మా వీధిలోనే ఉంది.

ఈ మధ్య అమెరికాలో ఉన్న మా అన్న కొడుకు పెళ్లి షేర్వానీకి వాట్సాప్‌లో కొలతలు పంపాడు. 43 ఛాతీ. పోయినేడు ఇక్కడ కుట్టించినప్పుడు 40. ఏడాదిలో మూడు అంగుళాలు పెరిగే పిల్లాడు కాదు వాడు. ఫొటో పంపమన్నాను. కిటికీ బయట మంచు, వాడి ఒంటి మీద దూది దిండు లాంటి జాకెట్. తిడదామనుకుని మళ్లీ వాళ్ల ఊరి చలి గుర్తొచ్చి, హీటర్ పెట్టుకుని చొక్కాతో తీయరా నాయనా అని రాశాను.

*

లెక్కల సారు పెళ్లి బాగా జరిగింది. కోటు మీద ఫొటో మా దుకాణం గోడకు చాలా కాలం ఉంది. ఆయనకు బదిలీ అయింది. నేను దుకాణంలోనే ఎదిగాను. కోయడం నా చేతికి వచ్చింది. ఉస్తాద్ చూపు తగ్గి, సూదిలో దారం కూడా నాతోనే ఎక్కించుకునేవాడు. తలుపు పక్కన కుర్చీలో కూర్చుని వచ్చిపోయేవాళ్లతో మాట్లాడటమే ఆయన పని. టేపు మాత్రం మెడలోనే.

పదేళ్లు అయి ఉంటుంది, సారు తిరిగి మా ఊరికే బదిలీ మీద వచ్చాడు. ఒక చలికాలం పొద్దున సంచీలో ఆ నీలం కోటు పట్టుకుని వచ్చాడు. మరదలి పెళ్లట. గుండీ పడట్లేదు. కొత్తది కుట్టించే స్థోమత లేక కాదు, పెళ్లినాటి కోటు అని ఇంట్లో ఆవిడ పట్టు. గోనె పరదా దాటి లోపలికి రాగానే నేను అడగకముందే స్వెటరు విప్పి కుర్చీ మీద పెట్టాడు. చలికి పళ్లు టకటకలాడుతున్నాయి పాపం.

కోటు తిరగేసి లైనింగు పక్కలు విప్పాను. పక్క కుట్టు లోపల, మడిచి ఉంచిన గుడ్డ అలాగే ఉంది. బయట గుడ్డ ఎండకు వెలిసి బూడిద రంగు తిరిగింది కానీ లోపలిది కొత్త నీలంలా నిగనిగలాడుతోంది. కుడి పక్క ఒక అంగుళం, ఎడమ పక్క ఒక అంగుళం. మడత తెరిస్తే ఉస్తాద్ అప్పుడు వేసిన సుద్ద గీత కూడా మసకగా ఉంది, నా తప్పుడు అంకెతో గీసిన మొదటి గీత.

సారు చుట్టూ టేపు వేశాను.

"ఎంత?" అన్నాడు ఉస్తాద్, కుర్చీలోంచి.

"38."

ఆయన కాసేపు ఏమీ అనలేదు. కళ్లు సరిగ్గా కనబడవు కదా, సారు ఉన్న వైపు మొహం తిప్పి అడిగాడు.

"అంగీ మీదనేనా?"